కొటేషన్ వెంట వెళ్లే నాలుగు మాటలు

గోదావరిఖనిలో మోటారు రీవైండింగ్ షాపులు, హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేసే వర్క్‌షాపులు, కన్వేయర్ బెల్టు అతికించేవాళ్లు, హోస్ పైపులు బిగించేవాళ్లు చాలామంది బొగ్గును నమ్ముకునే బతుకుతున్నారు. వీళ్లలో ఎక్కువమందికి రోజూ పని ఇచ్చేది నేరుగా సింగరేణి కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఓబీ, అంటే బొగ్గు మీది మట్టీ రాయీ తవ్వి తరలించే ప్రైవేటు కాంట్రాక్టర్లు. వాళ్ల సైట్ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, షాపాయన కొటేషన్ తయారుచేసి మెయిల్‌లో పంపుతాడు. ఆ మెయిల్‌లో ఉండేది ఒక్కటే మాట: కొటేషన్ జతచేశాను, దయచేసి చూసి తగు చర్య తీసుకోగలరు. టైపు మిషన్ల కాలంలో లెటర్‌ప్యాడ్ మీద కొట్టిన కవరింగ్ లెటర్‌లోనూ ఇదే ఉండేది. కాగితం పోయింది గానీ వాక్యం పోలేదు.

ఆ వాక్యంతో చిక్కు ఏమిటో తెలియాలంటే మెయిల్ ఎవరి చేతుల్లోంచి పోతుందో చూడాలి. అడిగినవాడు సైట్‌లో మెయింటెనెన్స్ చూసే ఇంజనీరు. పని ఏమిటో, ఎంత తొందరో అతనికి తెలుసు. కానీ డబ్బుకు సరే అనేది చాలా కంపెనీల్లో అతను కాదు, హైదరాబాద్‌లోనో మరెక్కడో ఉన్న పర్చేజ్ విభాగం. ఇంజనీరు ఏంచేస్తాడంటే, వచ్చిన మెయిల్‌ను పైన ఒక ముక్క రాసి అలాగే ముందుకు పంపిస్తాడు. అక్కడ కూర్చున్న మనిషి ఆ గని చూడలేదు, ఆ పంపు చూడలేదు. అతని ముందు అలాంటివి ఇంకా ఇరవై ఉంటాయి. కొటేషన్ తెరిచి చూస్తే ఓ పట్టిక కనిపిస్తుంది. ఈరోజే ఎందుకు తేల్చాలో ఆ పట్టిక చెప్పదు. చెప్పాల్సింది వెంట వచ్చిన మెయిలే. అందుకే మంచి కవర్ మెయిల్‌ను రాసేటప్పుడు మొదటి పాఠకుణ్ణి కాక, అతను పంపబోయే రెండో పాఠకుణ్ణి కళ్లముందు పెట్టుకోవాలి.

ఒక పని తీసుకుని చూద్దాం. లెక్కలు ఉదాహరణకు నేను వేసుకున్నవి, పని మాత్రం ఈ ప్రాంతంలో ప్రతి వేసవి చివరా ఎదురయ్యేదే. ఓపెన్‌కాస్ట్‌లో అన్నిటికంటే లోతైన చోట సంప్ ఉంటుంది. వాననీరు, ఊటనీరు అక్కడికే చేరుతుంది, పంపులతో తోడాలి. తెలంగాణలోకి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారంలో వస్తాయి. మే 23న సంప్ దగ్గరి 100 హెచ్‌పీ పంపు మోటారు కాలిపోయిందనుకోండి. స్టాండ్‌బై పంపు నడుస్తోంది కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు. అదే ప్రమాదం కూడా. ఇబ్బంది కనబడనప్పుడు కొటేషన్ ఎవరి ఇన్‌బాక్స్‌లోనైనా హాయిగా నిద్రపోతుంది.

రవాణాతో కలిపి రీవైండింగ్‌కు 78,000, రెండు బేరింగులకు 14,000, మొత్తం 92,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 16,560. మొత్తం 1,08,560 రూపాయలు. ఈ మెయిళ్లు ఇంగ్లీషులోనే నడుస్తాయి. విషయం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉండాలి. సబ్జెక్ట్ లైన్: సంప్ పంపు 100 హెచ్‌పీ మోటారు రీవైండింగ్, మే 26లోగా మీ ఆమోదం కోసం. తర్వాత విషయం:

"సార్, మీరు మే 23న అడిగిన సంప్ పంపు మోటారు రీవైండింగ్‌కు కొటేషన్ జతచేశాను. రెండు బేరింగులు, రవాణా, జీఎస్టీ అన్నీ కలిపి 1,08,560 రూపాయలు. మే 26 సాయంత్రంలోగా మీరు సరే అంటే 27న మా బండి వచ్చి మోటారు తీసుకెళ్తుంది, జూన్ 4న సైట్‌లో దించుతాం. పని ఏడు రోజులు పడుతుంది. వార్నిష్ పట్టించి ఓవెన్‌లో ఆరబెట్టే రెండు రోజులను తగ్గించలేం. పాత చుట్టు తీశాక కోర్ పరీక్షలో దెబ్బతిన్నట్టు తేలితే పని ఆపి మీకు చెప్తాం. అప్పుడు మీరు వద్దనుకుంటే విప్పిన ఖర్చు 6,000, దానిమీద జీఎస్టీ మాత్రమే. ఈ మెయిల్‌కే ‘మొదలుపెట్టండి’ అని జవాబిచ్చి, వర్క్ ఆర్డర్ 27లోగా పంపితే చాలు."

ఇంతే. ఫోన్ స్క్రీన్ మీద దాదాపు ఒక్క చూపులో అయిపోతుంది. దీన్ని ఇంజనీరు ముందుకు పంపితే పర్చేజ్‌లో ఉన్నవాడు పీడీఎఫ్ తెరవకముందే ఎంత, ఎప్పుడు, నేను ఏంచేయాలి అన్న మూడు సంగతులూ తెలుసుకుంటాడు.

ఇందులో తేదీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చదివినవాణ్ణి నిర్ణయం వైపు కదిలించేది అదే. మే 26 ఎక్కడినుంచి వచ్చింది? వెనక్కి లెక్కకడితే వచ్చింది. వానలకు ముందు మోటారు సైట్‌లో ఉండాలి, బిగించి నడిపి చూడ్డానికి రెండు మూడు రోజులు కావాలి, కాబట్టి జూన్ 4. దానికి ముందు ఏడు రోజుల పని, అంటే మే 28న మొదలవ్వాలి. 27న బండి, 26న మాట. చదివేవాడు ఈ లెక్కను తానే వేసి సరిచూసుకోగలడు, అందుకే ఆ తేదీ అతని మీద పనిచేస్తుంది. ‘ఈ ధర మూడు రోజులే, త్వరపడండి’ అని రాస్తే అది చీరల అంగడి మాట. నాలుగో రోజు కూడా అదే ధరకు పని చేస్తారని ఇంజనీరుకు తెలుసు, ఒకసారి తెలిశాక మీరు రాసే ఏ తేదీకీ విలువుండదు. నిజంగా ధరకు గడువుంటే దాని కారణం రాయాలి. రాగి తీగ ధర మారుతూ ఉంటుంది, రీవైండింగ్ ఖర్చులో పెద్ద వాటా దానిదే. అందుకే ఈ ధర 15 రోజులకే అని కొటేషన్‌లో పెట్టడం న్యాయం. గడువు అసలు రాయకుండా వదిలేయడం ఇంకో తప్పు. భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం గడువు చెప్పని ప్రతిపాదన ‘సమంజసమైన కాలం’ గడిచాక చెల్లదు. ఆ కాలం ఎంతన్నది ఇద్దరూ వాదులాడుకునే సంగతి.

కోర్ గురించిన వాక్యం అమ్మకానికి అడ్డమని చాలామంది షాపువాళ్లు రాయరు. నా లెక్కన ఆ మెయిల్‌లో అన్నిటికంటే గట్టి వాక్యం అదే. కాలిన చుట్టును తీయడానికి పాత రోజుల్లో మంట పెట్టేవాళ్లు, ఇప్పటికీ కొందరు పెడతారు. వేడి మితిమీరితే కోర్‌లోని రేకుల మధ్య ఇన్సులేషన్ పాడవుతుంది. తర్వాత ఎంత బాగా చుట్టినా మోటారు వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. అంతకుముందే ఎవరైనా ఒకటి రెండుసార్లు రీవైండ్ చేయించి ఉంటే ఈ దెబ్బ లోపల దాగి ఉండొచ్చు. పర్చేజ్‌లో ఉన్నవాడి మనసులో ఉండే భయం సరిగ్గా ఇదే: లక్ష పెట్టాక ఇది పనికిరాదంటే? ఆ భయానికి ముందే ఒక హద్దు గీసి, పోతే ఆరు వేలూ దాని పన్నూ పోతాయి అంటే సరే అనడం అతనికి తేలిక.

మెయిల్ ఎక్కడ చెడిందో తిరిగొచ్చే ఫోన్లే చెబుతాయి. ‘జీఎస్టీ కలిపా, బయటా?’ అని అడిగారంటే మొత్తం రాయలేదన్నమాట. ‘బేరింగులు మీవేనా?’ అంటే పని హద్దు చెప్పలేదు. ‘అడ్వాన్సు ఎంత?’ అంటే చెల్లింపు షరతు పట్టికలో ఎక్కడో దాక్కుంది. అన్నిటికన్నా చెడ్డది మెయిల్‌లో ఒక మొత్తం, కొటేషన్‌లో ఇంకో మొత్తం ఉండడం. పాత కొటేషన్‌ను తెరిచి మార్చి పంపేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. పర్చేజ్‌లో తేడా పట్టుకున్న క్షణమే ఫైలు ఆగుతుంది. పంపేముందు జతచేసిన పీడీఎఫ్‌నే మళ్లీ తెరిచి, అందులోంచి అంకెను మెయిల్‌లోకి ఎక్కించుకోవడం మేలు.

జవాబు రాకపోతే మే 25న అదే మెయిల్ కిందనే రెండు ముక్కలు రాయాలి, కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు. ఇక్కడ అసలు పని ఫోన్‌దే. ‘సార్, మొన్న పంపిన కొటేషన్ చూసిండ్రా?’ అంటే, ‘చూసిన, హైదరాబాద్ పంపిన, ఇంకా రాలె’ అనే జవాబే వస్తుంది. దానికి బదులు ‘సార్, రేపు సాయంత్రం దాకనే చుట్టేటోళ్లను ఖాళీగ ఉంచుత. పైనోళ్లు ఏమన్న అడిగిండ్రా?’ అంటే ఆగింది ఎక్కడో బయటపడుతుంది. 26 దాటిందంటే బతిమాలడం ఆపి, కొత్త తేదీ లెక్క పంపాలి: ఇప్పుడు సరే అంటే జూన్ ఫలానా తేదీకి ఇస్తాం అని. గడువు దాటితే నిజంగానే ఏదో మారుతుందని చూపడం ఇదొక్కటే దారి.

‘మొదలుపెట్టండి’ అన్న ఒక్క మాట మెయిల్‌లో వచ్చినా అది ఒప్పందమే. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం చెబుతుంది. అయినా వర్క్ ఆర్డర్ లేని బిల్లు అకౌంట్స్‌లో కదలదు కాబట్టి ఆ ముక్క కూడా అడగాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న వర్క్‌షాపైతే ఆ నంబరును కొటేషన్ మీద వేయాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందమున్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు.

ఇదంతా ప్రైవేటు కొనుగోలుదారుకు రాసే పద్ధతి. ఇదే చెయ్యి అలవాటుగా సింగరేణి టెండర్‌లోకి వెళ్తే కొంప మునుగుతుంది. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ప్రభుత్వ సంస్థ అది. అక్కడ నిర్ణయం ఒక మనిషి మనసులో జరగదు, ఒకే షరతుల మీద వచ్చిన ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో జరుగుతుంది. ప్రభుత్వ రంగంలో రెండు కవర్ల టెండర్లు వేసినవాళ్లకు ఇది తెలుసు: సాంకేతిక బిడ్‌లో, దానితో జతచేసిన కవరింగ్ లెటర్‌లో ధర కనిపిస్తే బిడ్ తిరస్కరించే ప్రమాదముంది. ‘మే 26లోగా సరే అంటేనే’ అన్న వాక్యం షరతుతో కూడిన ఆఫర్ అవుతుంది. బిడ్ వేశాక అధికారులకు ఫోన్ చేసి కదిలించడాన్ని పైరవీగా చూసి అనర్హత వేసే నిబంధన చాలా టెండర్ పత్రాల్లో ఉంటుంది. అక్కడి కవరింగ్ లెటర్‌లో టెండర్ నంబరు, జతచేసిన పత్రాల జాబితా, షరతులన్నీ ఒప్పుకుంటున్నామన్న మాట ఉంటే సరిపోతుంది. సందేహముంటే బిడ్ వేయకముందే, టెండర్ చెప్పిన పద్ధతిలో, రాతపూర్వకంగా అడగాలి.

ఒకే షాపు నుంచి ఒకే రోజు ఈ రెండు రకాల ఉత్తరాలూ వెళ్లొచ్చు. అందుకే కంప్యూటర్‌లో రెండింటికీ వేర్వేరు నమూనాలు పెట్టుకోండి. ఒకదాన్ని తెరిచి దిద్ది ఇంకొకదానిగా మాత్రం పంపకండి.