అనంతపురం కథనంలో క్రియాంతాలు: కథకుని వాక్యం, పల్లె మాట

బండి నారాయణస్వామి నవలల్లో 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘శప్తభూమి’ పేరు సంస్కృత సమాసం. ఆయనదే మరో నవల ‘గద్దలాడతండాయి’ పేరు పల్లె నోటిలోని సమాపక క్రియ. ప్రామాణిక భాష ‘ఆడుతున్నాయి’ అనే చోట అనంతపురం ప్రాంతం ‘ఆడతండాయి’ అంటుంది. అక్షరం రెండక్షరాల తేడాతో పలికేది ఎవరో తెలిసిపోతుంది. కరవు సీమ కథను ప్రామాణిక కథనంతో, మాండలిక సంభాషణతో నడిపే రచయితకు ఈ తేడాయే ప్రధాన సాధనం. అది చెదిరితే కథకుడెవరో, పాత్ర ఎవరో పాఠకుడికి తెలియకుండా పోతుంది.

నామిని చిత్తూరు జిల్లా కథల్లో ఈ చిక్కు లేదు. అక్కడ కథ చెప్పే నోరే పల్లెది కనుక కథనానికీ సంభాషణకూ మధ్య గట్టు అక్కరలేదు. ప్రథమ పురుష కథనంలోనే ఆ గట్టు అవసరమవుతుంది. ఈ కింది వాక్యాలు పరిశీలన కోసం కల్పించినవి.

“మల్లప్ప గట్టు మీద కూర్చున్నాడు. మబ్బు పడమటికి జారిపోతున్నది. చేను చివరి నుంచి కొడుకు వచ్చినాడు. ‘పదును ఆరిపోతాండాది నాయనా, విత్తనమేస్తామా?’ అంటాడు. మల్లప్ప జవాబివ్వలేదు. మబ్బు వైపే చూస్తాండాడు.”

కాలం మారిందని ‘జారిపోతున్నది’ని దిద్దే పరిశీలకులు ఉంటారు. ఆ దిద్దుబాటు అనవసరం. తెలుగులో -తున్న- రూపం జరుగుతూ ఉండటాన్ని చెబుతుంది. అది వర్తమానమో గతమో పక్క వాక్యాలు నిర్ణయిస్తాయి. ‘ఇవ్వలేదు’ కూడా భూతార్థకమే. అసలు దోషాలు మూడు క్రియల్లో ఉన్నాయి. ‘అంటాడు’ భవిష్యత్తునో అలవాటునో చెప్పే రూపం. కథంతా అదే రూపంలో నడిస్తే కళ్ళముందు జరుగుతున్నట్టు ఉంటుంది. భూతకాల క్రియల మధ్య ఒంటరిగా వస్తే కొడుకు రోజూ అదే మాట అంటాడన్న అర్థం వస్తుంది. ‘చూస్తాండాడు’ పల్లె క్రియ, పలికింది మాత్రం కథకుడు. ‘వచ్చినాడు’ వీటికన్నా జటిలమైనది. అది సీమ వాడుక రూపమూ అవును, పాత రచనల్లోని శిష్టరూపమూ అవును. అందువల్ల అది కథకుడిదో పల్లెదో రూపాన్ని బట్టి తేలదు. కథకుడు ‘వచ్చాడు’ను ఎంచుకుంటే చివరిదాకా దాన్నే పాటించాలి. అప్పుడే సంభాషణలోని ‘వచ్చినాడు’కు పల్లె విలువ దక్కుతుంది.

సవరిస్తే చివరి భాగం ఇలా ఉంటుంది: “చేను చివరి నుంచి కొడుకు వచ్చాడు. ‘పదును ఆరిపోతాండాది నాయనా, విత్తనమేస్తామా?’ అన్నాడు. మల్లప్ప జవాబివ్వలేదు. మబ్బు వైపే చూస్తున్నాడు.” కొడుకు మాటలో ఒక్క అక్షరం మారలేదు. చుట్టూ ఉన్న క్రియలు నిలకడగా ఉండటంతో ఇప్పుడది విడిగా వినిపిస్తుంది. తెలుగు వాక్యంలో ‘చేసి’, ‘వచ్చి’ వంటి క్త్వార్థకాలు కాలాన్ని మోయవు. కాలాన్ని చివరి క్రియే మోస్తుంది. కాబట్టి రాతప్రతిలోని సమాపక క్రియలను మాత్రమే ఒక వరుసగా తీసి రాసుకుంటే ఇటువంటి జారుబాట్లు వెంటనే కనబడతాయి.

ఉల్లేఖన చిహ్నాలున్న చోట హద్దు సులభం. చిహ్నాలు లేకుండా ‘అని’ వచ్చినప్పుడే చిక్కు. “వాన వస్తుందని మల్లప్ప అనుకున్నాడు”, “వాన వస్తాదని మల్లప్ప అనుకున్నాడు” అనే రెండూ సరైన వాక్యాలే. మొదటిది కథకుడి నివేదన, రెండోది మల్లప్ప మనసులోని మాట. ‘అని’కి ముందు ఉన్న క్రియ పలికినవాడి కాలాన్ని, పురుషను నిలుపుకోగలదు. “తాను రానన్నాడు” అనే వాక్యంలో ‘తాను’ కథకుడి వైపు నుంచి వచ్చింది, ‘రాను’ పాత్ర నోట నిలిచింది. ఒకే వాక్యంలో ఇద్దరూ ఉన్నారు. ఇంగ్లీషు పరోక్ష కథనంలా లోపలి క్రియను భూతకాలానికి లాగే అలవాటు తెలుగుకు లేదు. అందుచేత ‘వస్తాదని’ అన్న రూపాన్ని కథనదోషంగా లెక్కించరాదు. అయితే ఒకే పాత్ర మనసును ఒక పేజీలో ‘వస్తాదని’, మరో పేజీలో ‘వస్తుందని’ కారణం లేకుండా రాస్తే అది దోషమే. మల్లప్పకు దగ్గరగా వెళ్ళిన ఘట్టంలో ఒకటి, దూరం నుంచి చెప్పిన ఘట్టంలో మరొకటి వాడితే దానికి అర్థం ఉంటుంది.

సంభాషణలోని నిలకడకు కూడా ఒక మితి ఉంది. కొడుకుతో ‘వస్తాది’ అన్న రైతు పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారితో ‘వస్తుంది సార్’ అనవచ్చు. ఆ మార్పును రచయిత పొరపాటుగా దిద్దితే కథలోని అధికార సంబంధమే చెరిగిపోతుంది. ఇందుకు విరుద్ధంగా ప్రతి పదాన్నీ ఉచ్చారణానుసారంగా విరిచి రాసే పద్ధతి సంభాషణను బరువు చేస్తుంది, ఇతర ప్రాంత పాఠకుణ్ణి అడుగడుగునా ఆపుతుంది. మల్లప్ప కొడుకు మాటలో మాండలికమని చెప్పదగిన రూపం ‘ఆరిపోతాండాది’ ఒక్కటే. ఆ వాక్యం ఏ ఊరి నోటిదో చెప్పడానికి అది చాలింది.