నాలుగో ఆశయం

నలుగురం స్నేహితులం కథల పత్రిక పెట్టాలనుకున్నప్పుడు, ముందుమాటలో మా ఆశయాల పేరా రాసే పని నాకొచ్చింది. నేను రాసిన వాక్యం ఇది:

“కొత్త రచయితలను ప్రోత్సహించడం, అనువాదాలకు చోటు, పాత కథలను మళ్ళీ చదివించాలని, వీలైతే రచయితలకు పారితోషికం ఇవ్వగలిగితే బాగుంటుందనీ మా ఆశయం.”

చదివిన వాళ్ళెవరికీ పారితోషికం మాట గుర్తులేదు. తప్పు వాళ్ళది కాదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి, ఈ నాలుగూ ఎక్కడికి చేరతాయో “మా ఆశయం” దాకా తెలీదు. అక్కడిదాకా పాఠకుణ్ణి నడిపించాల్సింది వాటి పోలికే. నేనేమో ఒకదానికి “-డం” పెట్టాను, ఒకటి ఉత్త నామవాచకంగా వదిలేశాను, ఒకదానికి “-ఆలని” తగిలించాను, చివరిదాన్ని “అయితే బాగుంటుంది”లోకి జార్చేశాను.

ఇలాంటి పేరాకి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక్కో అంశాన్నీ విడిగా తీసి, చివరి మాట తగిలించి పైకి చదవాలి. “కొత్త రచయితలను ప్రోత్సహించడం మా ఆశయం” సరిపోయింది. “అనువాదాలకు చోటు మా ఆశయం” కుంటింది. “ఇవ్వగలిగితే బాగుంటుందని మా ఆశయం” అన్నదగ్గర గుట్టు బయటపడింది. అది ఆశయం కాదు, మొహమాటం.

అన్నిటికీ “-డం” తగిలిస్తే వరస కుదురుతుంది. కానీ “ప్రోత్సహించడం”లో ఎవరు చేస్తారన్నది ఉండదు. “-తాం”లో మాత్రం “మేం” ఉంది. అందుకని ఇలా మార్చాను:

“కొత్తవాళ్ళ కథలు వేస్తాం, పొరుగు భాషల కథలు తెస్తాం, మరుగునపడ్డ కథలు వెతుకుతాం, వేసిన ప్రతి కథకీ డబ్బిస్తాం.”

ఇప్పుడు నాలుగోది గట్టిగా వినిపించింది. వెంటనే గొడవ మొదలైంది, మా దగ్గర డబ్బు లేదు కదా! మూడు నిజాల పక్కన అదే అచ్చులో పోసిన నాలుగోది అబద్ధమైంది. ఈ పద్ధతికున్న ప్రమాదం ఇదే. వరసలో నిలబెడితే చాలు, చెయ్యగలిగిందీ చెయ్యలేనిదీ ఒకేలా కనిపిస్తాయి.

అప్పుడు రాజ్యాంగ ప్రవేశిక గుర్తొచ్చింది. ఇంగ్లీషు మూలంలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం మూడూ “సెక్యూర్” అనే ఒకే క్రియ కింద నడుస్తాయి. సౌభ్రాతృత్వం దగ్గరికొచ్చేసరికి క్రియ “ప్రమోట్”గా మారుతుంది. నాకర్థమైనంతలో ఆ మార్పుకి కారణముంది. మొదటి మూడూ పౌరులకి సమకూర్చిపెట్టొచ్చు. సోదరభావాన్ని అలా చేతికివ్వలేం, వాళ్ళ మధ్య పెంచాలంతే. వరస తప్పినచోటే తేడా తెలుస్తోంది.

మేమూ అదే చేశాం. మూడు “-తాం”లతో వాక్యం ముగించి, పక్కన ఇంకోటి రాశాం: “రచయితలకి ఇవ్వడానికి మా దగ్గర ఇంకా డబ్బు లేదు. వచ్చిన రోజున మొదటి ఖర్చు అదే.”

ఈసారి అందరికీ గుర్తున్నది ఆ మాటే.