చార ఎటు వాలితే దారి అటు

డివైడర్ మొదలయ్యే చోట పసుపు, నలుపు ఏటవాలు చారల బోర్డు ఒకటి నిలబెడతారు. దాన్ని చూసి ఇక్కడేదో అడ్డం ఉందనుకుని పక్కకు తప్పుకుంటాం. ఎటు తప్పుకోవాలో కూడా ఆ బోర్డే చెబుతుంది. చారలు ఏ వైపుకు కిందికి దిగుతున్నాయో ఆ వైపు నుంచి పోవాలి. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం కాబట్టి డివైడర్ ముక్కు దగ్గర చారలు కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు దిగాలి. రోడ్డుకు ఎడమ అంచున ఉన్న కల్వర్టు గోడ ముందు పెట్టే బోర్డులో ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా, ఎడమ పైనుంచి కుడి కిందికి దిగాలి. ఫ్లైఓవర్ దారి, కింది దారి చీలే చోట రెండు పక్కల నుంచీ పోవచ్చు కనుక చారలు నడినెత్తి నుంచి రెండు వైపులకూ జారతాయి.

రోడ్డు భద్రత తనిఖీ నా పని. పగలు డ్రాయింగులు, టేపు కొలతలు చూస్తాం. అసలు తనిఖీ చీకటి పడ్డాక కారులో అదే దారిన పోయినప్పుడు జరుగుతుంది. బోర్డు లేని చోట డ్రైవర్ తన కళ్లను నమ్ముకుని కాస్త నిదానిస్తాడు. తప్పు బోర్డు ఉన్న చోట దాన్ని నమ్ముకుని వేగంగా పోతాడు. అందుకే లేని బోర్డు కంటే తప్పుగా పెట్టిన బోర్డును ముందు రాసుకుంటాను.

అలాంటి చోటు ఒకటి చెబుతాను. నాలుగు వరుసల హైవే. కుడివైపు తిరిగే మలుపు. మలుపు దాటగానే ఊళ్లోకి పోవడానికి డివైడర్‌లో గ్యాప్, ఆ గ్యాప్ తరవాత డివైడర్ మళ్లీ మొదలవుతుంది. స్టడ్స్, బాణం బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్, చారల బోర్డు, అన్నీ ఉన్నాయి. బిల్లు ప్రకారం ఒక్కటీ తక్కువ లేదు.

మొదట స్టడ్స్. క్యాట్ ఐ అంటామే, అవి. ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ ఊరివాడు పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్న వస్తువు ఇది. ఆయన చేసినదానిలో గాజు కళ్లు రబ్బరు తొడుగులో ఉండేవి. టైరు ఎక్కి నొక్కినప్పుడల్లా ఆ రబ్బరే కళ్లను తుడిచేది. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించేవి ప్లాస్టిక్, అల్యూమినియం పెట్టెలు. వాటి ముఖాన సన్నటి పట్టకాలు పేర్చిన పలక ఉంటుంది. వాటిని తుడిచే దిక్కు వాన ఒక్కటే.

స్టడ్ రంగుకు అర్థం ఉంది. వరుసకూ వరుసకూ మధ్య తెలుపు. దాన్ని దాటవచ్చు. ఎడమ అంచున ఎరుపు, కుడి చేతి వైపు డివైడర్ అంచున పసుపు. ఈ రెండూ దాటకూడనివి. పక్కదారిలోకి దిగే చోట, బస్‌బేలోకి తిరిగే చోట ఆకుపచ్చ. అంచు ఇక్కడ తెరుచుకుందని దాని అర్థం. కాబట్టి ముందు ఏముందో కనిపించని వానరాత్రి కూడా ఎడమన ఎరుపు, కుడిన పసుపు ఉన్నంతసేపూ మీరు మీ దారిలోనే ఉన్నట్టు. రెండు ముఖాలూ మెరిసే స్టడ్స్ వేసిన రోడ్డు మీద ఈ రంగులు తారుమారై కనిపించాయంటే మీరే రాంగ్ రూట్‌లో ఉన్నారు.

నేను చెప్పే మలుపులో స్టడ్స్ రంగులు సరిగ్గానే ఉన్నాయి. కానీ మలుపు లోపలి వైపు పసుపు వరుసలో పావు వంతు ఊడిపోయాయి. లారీల వెనక చక్రాలు మలుపులో లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఆ దెబ్బకు జిగురు విడిపోతుంది. పగలు చూస్తే తారు మీద నల్లటి చదరపు మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలు వరుసగా ఉంటే బళ్లు ఎక్కడ అంచు దాటి నడుస్తున్నాయో అవే చూపిస్తాయి. మళ్లీ అతికించడం ఒక్కటే సరిపోదు, బళ్లు అంత లోపలికి ఎందుకు వస్తున్నాయో చూడాలి.

ఎందుకంటే బాణం బోర్డులు మలుపును ఉన్నదానికంటే వెడల్పుగా చూపిస్తున్నాయి. చెవ్రాన్ బోర్డు, అంటే పసుపు మీద నల్ల బాణం ముక్క, మలుపు బయటి అంచున ఉండాలి. కుడి మలుపుకు ఎడమ అంచున, బాణం కుడికి చూస్తూ. ఒక్క బోర్డు మలుపు ఉందని మాత్రమే చెబుతుంది. మలుపు ఎంత బిగువైనదో చెప్పేది బోర్డుల వరుస. అందుకే మలుపు పొడవునా ఎక్కడినుంచి చూసినా కనీసం రెండు కళ్లముందు ఉండాలంటారు, మూడుంటే మేలు. అవి దగ్గర దగ్గరగా కనిపిస్తే కాలు బ్రేకు మీదికి దానంతటదే పోతుంది. దూరదూరంగా కనిపిస్తే పోదు.

ఇక్కడ మధ్యలో రెండు బోర్డులు ఏ బండో గుద్ది పోయాయి. మిగిలినవాటిని చూస్తే, కొంచెం తిరిగి, నిటారుగా వెళ్లి, మళ్లీ కొంచెం తిరిగే రోడ్డులా అనిపిస్తుంది. నిజానికి అది ఒకే మలుపు. పైగా చివరి బోర్డు స్తంభం వంగి ముఖం పొలాల వైపు తిరిగింది. పగలు పసుపు రంగు కనిపిస్తూనే ఉంటుంది, రాత్రి మాత్రం నల్లగా ఉండిపోతుంది.

బోర్డు రాత్రి మెరుస్తుందో లేదో పరీక్షించడానికి పరికరం అక్కర్లేదు. ఫోన్ టార్చి వెలిగించి కంటి పక్కన, చెంపకు ఆనించి పెట్టి బోర్డు వైపు చూడండి, భగ్గుమంటుంది. అదే టార్చిని నడుము దగ్గర పట్టుకుని చూడండి, వెలుగు తగ్గిపోతుంది. బోర్డు మీది మెరిసే రేకు తన మీద పడిన కాంతిని ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే తిప్పి పంపుతుంది. కారు డ్రైవర్ కన్ను హెడ్‌లైట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అతనికి బోర్డు బాగా కనిపిస్తుంది. లారీ డ్రైవర్ హెడ్‌లైట్ కంటే చాలా ఎత్తులో కూర్చుంటాడు, అదే బోర్డు అతనికి మసకగా ఉంటుంది. దుమ్ము పట్టిందంటే ఇంకా కష్టం. దాబా దగ్గర ఒక లారీ డ్రైవర్ నాతో అన్నాడు: "కారోళ్లకి కనబడ్డట్టు మాకు కనబడవు సార్. ముందు బండి బ్రేకు లైటు చూసుకునే మలుపు తిప్పుతాం." నేను కారులోంచి చూసి బాగుందని రాసిన బోర్డులను ఆ తరవాత లారీ క్యాబిన్‌లో కూర్చుని కూడా చూడటం మొదలుపెట్టాను.

రంబుల్ స్ట్రిప్స్ కంటికి కాక చేతులకీ చెవులకీ చెప్పే సంగతి. నిద్రమత్తులో ఉన్నవాడికి, పాటలు వింటున్నవాడికి 'లేచి చూడు' అంటాయి, అంతే. ఏం చూడాలో చెప్పలేవు. అది చెప్పడానికి పక్కనే హెచ్చరిక బోర్డు ఉండాలి, చూశాక చేయడానికి దూరం మిగలాలి. ఈ దూరం లెక్క కష్టమేం కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవర్ తేరుకుని కాలు బ్రేకు మీదికి తెచ్చి బండి ఆపడానికి మన రోడ్డు ప్రమాణాలు ఆ వేగానికి 120 మీటర్లు లెక్కగడతాయి. నేను చెప్పే చోట స్ట్రిప్స్ డివైడర్ గ్యాప్‌కు 40 మీటర్ల ముందు వేశారు. ఆ 40 మీటర్లు దాటడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. బండి అదిరిందని తెలిసేలోగా గ్యాప్‌లోంచి ట్రాక్టర్ అడ్డం వచ్చి ఉంటుంది.

ఇంకో సంగతి. మీటరుకొకటి చొప్పున పదిహేను పట్టీలు వేస్తే 80 వేగంలో ఆ వరుసంతా సెకనులోపే టైరు కింద గడిచిపోతుంది. ఒక్క బర్రుమనే చప్పుడు, అయిపోయింది. అందుకే కొంత ఎడంతో రెండు మూడు వరుసలు వేయాలి. మొదటిది లేపుతుంది, రెండోది నిదానం చేయిస్తుంది. అలాగని పట్టీల ఎత్తు పెంచితే ప్రయోజనం ఉండదు. కుదుపు తప్పించుకోవడానికి బైకులవాళ్లు పట్టీలు లేని అంచుకు, అంటే మట్టి పక్కకు లాగుతారు. అందులోనూ ఇవి మలుపులో ఉన్నాయి. వంచి తిప్పుతున్న బైకు చక్రం సరిగ్గా అప్పుడే ఎగిరితే పట్టు తప్పుతుంది. కాబట్టి పట్టీలను మలుపు మొదలు కాకముందే, నిటారు రోడ్డు మీదే ముగించాలి.

ఇక ఆ చారల బోర్డు. గ్యాప్ తరవాతి డివైడర్ ముక్కు మీద చారలు ఎడమకు దిగాల్సింది పోయి కుడికి దిగుతున్నాయి. డ్రైవర్ అప్పటికే కుడికి తిప్పుతూ మలుపులోంచి బయటపడుతున్నాడు. ఎడమ బాణాలు సరిగ్గా లేవు, కుడి పసుపు స్టడ్స్ అక్కడక్కడా లేవు, అదురుడు ఆలస్యంగా వచ్చింది. ఆ క్షణాన ఎదురుగా బాగా మెరుస్తున్నది ఈ ఒక్క బోర్డే. అదేమో 'కుడి నుంచి పో' అంటోంది. కుడి నుంచి పోతే ఎదురొచ్చే బళ్ల దారి.

ఎలా జరిగిందని అడిగితే "తలకిందులుగా బిగించి ఉంటారు సార్, తిప్పి పెట్టిస్తాం" అన్నాడు సైటు సూపర్‌వైజర్. తిప్పితే ఏమవుతుందో కాగితం మీద ఏటవాలు గీత ఒకటి గీసి చూపించాను. కాగితాన్ని తలకిందులు చేసినా గీత అదే వైపుకు వాలుతుంది. బాణం బోర్డు అలా కాదు, తలకిందులైతే కుడి బాణం ఎడమ బాణమైపోతుంది. అంటే బాణం తప్పయితే బిగింపు తప్పు కావచ్చు, బోల్టులు విప్పి తిప్పితే సరిపోతుంది. చార తప్పయితే బోర్డే తప్పు. గోడౌన్‌లోంచి కల్వర్టుకు పోవాల్సినది డివైడర్‌కు వచ్చిందన్నమాట. అలాగైతే డివైడర్‌కు రావాల్సినది ఏదో కల్వర్టు ముందు నిలబడి ఉండాలి. వెతికితే ఆ దారిలోనే కల్వర్టు గోడ ముందు దొరికింది. బళ్లను రోడ్డు వదిలి పొలంలోకి దిగమంటోంది.

గోడౌన్‌లో రెండు రకాల బోర్డులూ ఒకే కొలత, ఒకే రేకు, ఒకే ధర. లెక్కపెట్టేవాడికి రెండూ ఒక్కటే. అందుకే బోర్డు వెనక రేకు మీద పెద్ద అక్షరాలతో 'డివైడర్', 'ఎడమ అంచు' అని పెయింటుతో రాయించమంటాను. బిగించేవాడికి చారల సూత్రం తెలియకపోయినా ఆ మాట చదివితే చాలు.

జాతీయ రహదారుల మీద ఇలాంటివి కనిపిస్తే 1033కు ఫోన్ చేయవచ్చు. బోర్డు బాగాలేదంటే అవతలివాళ్లకు అర్థం కాదు, తుడిపించి ఊరుకుంటారు. బండి పక్కకు ఆపి, దగ్గరి కిలోమీటరు రాయి నంబరు, మీరు ఏ ఊరినుంచి ఏ ఊరికి పోతున్నారో చెప్పండి. డివైడర్ ముక్కు మీది చారలు కుడికి దిగుతున్నాయి, ఎడమకు దిగాలి అని చెప్పండి. ఆ మాట అలాగే రాసుకోమనండి.