ల్యాబ్ కెమిస్టు రిక్రూటర్‌కు రాసే మెయిల్

“ఆరేళ్లుగా క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. కొత్త రంగంలోకి మారాలని ఉంది. నా అర్హతలకు తగిన ఉద్యోగం ఏదైనా ఉంటే దయచేసి పరిశీలించగలరు.” రంగం మారాలనుకునేవాళ్లు రిక్రూటర్లకు పంపే మెయిళ్లలో చాలావాటి సారాంశం ఇదే. మర్యాదకు లోటు లేదు, చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. అయినా జవాబు రాదు. ఈ ధోరణి మన దరఖాస్తుల నుంచి వచ్చింది. తహసీల్దారుకు అర్జీ పెట్టుకునేటప్పుడు మన పరిస్థితి చెప్పుకుని, మిగతాది ఆయనకే వదిలేస్తాం. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే చదివేవారి చేతిలో నిర్ణయం ఉంది. రిక్రూటర్ చేతిలో అది లేదు. మనిషి కావలసిన టీము మేనేజరు సరేనంటేనే ఇంటర్వ్యూ. అందుకే రంగం మారేవాళ్లు రాసే మెయిల్‌కు ఒకటే పరీక్ష పెట్టాలి: రిక్రూటర్ ఇందులోంచి రెండు వాక్యాలు ఎత్తి, ఏమీ మార్చకుండా ఆ మేనేజరుకు పంపగలరా, లేదా?

హైదరాబాద్‌లో బాగా నలిగిన ఒక దారినే ఉదాహరణగా తీసుకుందాం. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మాత్రలు తయారుచేసే ప్లాంటు ఉందనుకోండి. అక్కడి ల్యాబ్‌లో ఆరేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేస్తున్న ఒకామె కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్‌లోకి వెళ్లాలనుకుంటోంది. మందుల కంపెనీలో నాణ్యతతో ముడిపడిన ప్రతి సాఫ్ట్‌వేరూ తన పని సరిగ్గా చేస్తోందని కాగితం మీద రుజువు చేసి ఉంచాలి. ఎలక్ట్రానిక్ రికార్డులను, సంతకాలను ఎప్పుడు నమ్మవచ్చో చెప్పే 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనలను అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చింది. అమెరికాకు మందులు పంపే మన ప్లాంట్లు కూడా వాటిని పాటించాలి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందన్న రుజువును తయారుచేసే పనే వాలిడేషన్. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసుకోవడం, ఎక్కడ తప్పు జరిగితే రోగికి ప్రమాదమో అంచనా వేయడం, పరీక్షల స్క్రిప్టులు రాసి నడపడం, తేడా వస్తే విచారించి నమోదు చేయడం ఇందులో భాగాలు.

ఈమె మెయిల్ ఎవరి ముందుకు వెళ్తుందో చూద్దాం. రిక్రూటర్ దగ్గర ఫలానా పోస్టుకు మనిషి కావాలని కంపెనీ ఇచ్చిన వివరణ ఉంటుంది. దాన్ని పట్టుకుని జాబ్ పోర్టల్‌లో ఇలాంటి వెతుకులాట చేస్తారు:

```
("computer system validation" OR CSV)
AND ("21 CFR Part 11" OR "GAMP 5")
```

ఈ మాటలు లేని రెజ్యూమె అసలు కంటికే కనబడదు. కాబట్టి మెయిల్ కన్నా ముందు సరిదిద్దాల్సింది రెజ్యూమె పై వరుసను. మెయిల్‌లో వాలిడేషన్ అని, జతచేసిన రెజ్యూమె మీద మాత్రం “సీనియర్ క్యూసీ కెమిస్ట్” అని ఉంటే రిక్రూటర్ రెండోదాన్నే నమ్ముతారు. కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ అన్న పేరు పూర్తిగా ఒకసారైనా రాయాలి. సీఎస్‌వీ అని పొట్టి పేరు మాత్రమే రాస్తే, అదే పొట్టి పేరుండే డేటా ఫైళ్లతో పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల గుంపులో కలిసిపోతుంది.

ఇక మెయిల్. ఇలాంటివి ఇంగ్లిషులోనే వెళ్తాయి. విషయం తెలియడానికి ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. సబ్జెక్టు లైనులో “కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ అనలిస్ట్ పోస్టుకు, ఆరేళ్ల ఫార్మా ల్యాబ్ అనుభవం, హైదరాబాద్, నోటీస్ 60 రోజులు” అని ఉంటుంది. వెళ్లాలనుకుంటున్న పోస్టు ముందు, వస్తున్న చోటు తర్వాత. ఈ వరుస తిరగబడితే మళ్లీ క్యూసీ ఉద్యోగాలే వస్తాయి. లోపల:

“నమస్కారమండీ. మీ కంపెనీ ప్రకటించిన వాలిడేషన్ అనలిస్ట్ పోస్టు చూసి రాస్తున్నాను. ఆరేళ్లుగా మాత్రల ప్లాంటు క్యూసీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేస్తున్నాను. మా ల్యాబ్‌లో క్రొమటోగ్రఫీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు వినియోగదారుల తరఫున పరీక్ష స్క్రిప్టులు నడిపాను. వాటిలో రెండు ఫెయిలయ్యాయి, వాటి డీవియేషన్లు నేనే రాశాను. రెండేళ్లుగా ఆడిట్ ట్రయల్ సమీక్ష నా బాధ్యత. ఫలితం పరిమితులు దాటినప్పుడు జరిపే ఓఓఎస్ విచారణలు రాసి, క్యూఏ ఆమోదం దాకా తీసుకెళ్తాను. వాలిడేషన్ ప్లాన్ గానీ, యూజర్ రిక్వైర్‌మెంట్ స్పెసిఫికేషన్ గానీ సొంతంగా రాయలేదు. గ్యాంప్ 5 చదివాను. ఒక ఊహాజనిత ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు రిస్క్ అసెస్‌మెంట్, పది టెస్ట్ కేసులు రాసి పెట్టుకున్నాను, కావాలంటే పంపిస్తాను. స్క్రిప్టులు నడిపే స్థాయి నుంచి మొదలుపెట్టడానికి సిద్ధం. లిమ్స్ సపోర్ట్ పోస్టు ఉన్నా పరిశీలిస్తాను. మారుతున్నందుకు జీతం పెరగాలన్న పట్టు లేదు.”

అంతే. ఫోనులో పెద్దగా జరపకుండానే చదివేయవచ్చు. ఇందులో కష్టపడి రాయాల్సింది మధ్య భాగం, కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

ఆడిట్ ట్రయల్ అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసిపెట్టే జాబితా: ఎవరు, ఎప్పుడు, దేన్ని మార్చారు, మార్పుకు ముందు ఏముంది. ల్యాబ్‌లో ఈమె పని ఆ జాబితా చదివి, ఎవరైనా కారణం రాయకుండా పీకులను మళ్లీ చేత్తో ఇంటిగ్రేట్ చేశారా, ఫలితం నచ్చక అదే శాంపిల్‌ను మరోసారి ఇంజెక్ట్ చేశారా అని పట్టుకోవడం. వాలిడేషన్‌లో అదే జాబితాను ఇంకోవైపు నుంచి చూడాలి. మార్పు జరిగితే సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పకుండా నమోదు చేస్తోందా, ఆ నమోదును మామూలు యూజర్ ఆపేయగలడా, గడియారం వెనక్కి తిప్పగలడా అని పరీక్ష పెట్టాలి. మనుషులు ఎక్కడ దారి తప్పుతారో ఏళ్ల తరబడి చూసినవాళ్లకు ఏ పరీక్షలు పెట్టాలో తడుతుంది. ఐటీ నుంచి వచ్చిన అభ్యర్థికి సాఫ్ట్‌వేర్ బాగా తెలియవచ్చు, కానీ ల్యాబ్‌లో రాత్రి షిఫ్టులో ఏం జరుగుతుందో తెలియదు. మేనేజరు విలువ కట్టేది ఈ అనుభవానికే.

ఓఓఎస్ విచారణ కూడా ఇలాగే కొత్త చోట పనికొస్తుంది. తప్పు ల్యాబ్‌లో జరిగిందా, తయారీలోనా అని ఒక్కొక్కటే తోసిపుచ్చుకుంటూ, ప్రతి మెట్టుకూ ఆధారం చూపిస్తూ రాయాలి. ఫెయిలైన టెస్ట్ స్క్రిప్టు మీద కూడా అదే తరహా విచారణ జరుగుతుంది: తప్పు సాఫ్ట్‌వేర్‌దా, సెట్టింగుదా, స్క్రిప్టులో రాసిన ‘రావలసిన ఫలితం’దా? అందుకే “సమస్యా పరిష్కార నైపుణ్యం ఉంది” అన్న మాట మెయిల్‌లో ఎక్కడా లేదు. ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. రెండు స్క్రిప్టులు ఫెయిలయ్యాయి, డీవియేషన్లు నేనే రాశాను అన్నది మాత్రం ఆ పని చేసినవాళ్లే రాయగలరు. పాత పనిలో చేసిన ఒక చర్యను కొత్త పనిలోని ఒక చర్య పక్కన పెట్టి చూపించగలిగితేనే దాన్ని బదిలీ అయ్యే నైపుణ్యం అనాలని నా అభిప్రాయం. అలా జత కుదరనివి, ఉదాహరణకు డిసల్యూషన్ పరీక్షల్లో ఆమె వేగం, ఎంత గర్వకారణమైనా మెయిల్‌లోకి రానక్కర్లేదు.

రాయలేదు అని ఒప్పుకున్న వాక్యం చాలామందిని భయపెడుతుంది. నిజానికి అది మెయిల్‌కు బలం. వాలిడేషన్ ఇంటర్వ్యూలో దాదాపు మొదటి ప్రశ్నే “డాక్యుమెంట్లు మీరు రాశారా, నడిపారా?” అని. నడిపినవారు రాశానంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. రికార్డులు నిజమేనని నిరూపించే ఉద్యోగానికి వెళ్తూ సొంత రికార్డులో అతిశయోక్తి రాస్తే, ఆ తర్వాత ఎవరు నమ్ముతారు? నమూనా ఊహాజనిత సాఫ్ట్‌వేర్‌ది కావడానికీ ఇదే కారణం. అనుభవం చూపించాలన్న తొందరలో కొందరు ప్రస్తుత కంపెనీ ప్రోటోకాల్‌నో ఎస్ఓపీనో జతచేసి పంపుతారు. అది గోప్యతా ఒప్పందాన్ని ఉల్లంఘించడం. అది చూసిన మేనేజరు, రేపు మా కాగితాలూ ఇలాగే బయటికి వెళ్తాయని అనుకుంటారు.

పోస్టుల సంగతి. ఒకటి ప్రధానం, ఒకటి దానికి పక్కది, అంతకు మించి వద్దు. క్యూఏ, రెగ్యులేటరీ, ఫార్మకోవిజిలెన్స్, డేటా అనలిటిక్స్ దేనికైనా సిద్ధమే అని రాస్తే నాలుగు తలుపులు తెరుచుకుంటాయనిపిస్తుంది. కానీ రిక్రూటర్ దగ్గరున్నది ఒక్కో పోస్టుకు ఒక్కో జాబితా. దేనికైనా సరిపోతానన్న మనిషిని ఏ జాబితాలో చేర్చాలో వారికి తెలియదు. లిమ్స్ సపోర్టును కలపడానికి కారణం ఉంది: అక్కడా పార్ట్ 11 నిబంధనలే, అక్కడా ల్యాబ్ పని తెలిసినవాళ్లే కావాలి. స్థాయిని కూడా మెయిల్‌లోనే చెప్పేయడం మంచిది. ఆరేళ్ల అనుభవం చూడగానే సీనియర్ జీతం అడుగుతారేమోనన్న అనుమానం రిక్రూటర్‌కు వస్తుంది. నోటీస్ పీరియడ్, ఊరు, జీతం మీద వైఖరి ముందే ఉంటే ఆ అనుమానం అక్కడే తీరుతుంది.

ఎంత బాగా రాసినా ఈ మెయిల్ పనిచేయని చోటు ఒకటుంది, అది ప్లేస్‌మెంట్ ఏజెన్సీ. దాని ఫీజు మనిషిని తీసుకునే కంపెనీ నుంచి వస్తుంది. మన దేశంలో అది తరచుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. చేరినవారు మొదటి కొన్ని నెలల్లోనే మానేస్తే, ఏజెన్సీ అదనపు ఫీజు లేకుండా మరొకరిని వెతికిపెట్టడం మామూలు ఒప్పందం. కాబట్టి అదే పని చేసిన అనుభవం ఉన్నవాళ్లను పంపడమే వారికి క్షేమం. రంగం మారేవారి మెయిల్ కంపెనీ సొంత రిక్రూటర్లకో, ఫార్మా కంపెనీలకు వాలిడేషన్ సేవలందించే చిన్న సంస్థలకో వెళ్లాలి. పెద్ద ప్రాజెక్టు చేతికొచ్చినప్పుడు అలాంటి సంస్థలకు స్క్రిప్టులు నడిపేవాళ్లు ఒకేసారి చాలామంది కావాలి. ల్యాబ్ నుంచి వచ్చేవాళ్లకు సందు దొరికేది ఎక్కువగా అప్పుడే.

మెయిల్ పనిచేసిందో లేదో వచ్చే జవాబును బట్టి తెలుస్తుంది. “మా పోర్టల్‌లో అప్లై చేయండి” అంటే ఎవరూ చదవలేదని దాదాపు ఖాయం. పది రోజులాగి వేరే సబ్జెక్టు లైనుతో, వీలైతే వేరే మనిషికి పంపాలి. “క్యూసీలో మంచి ఓపెనింగ్ ఉంది, ఆసక్తి ఉందా?” అని వస్తే చదివారు గానీ పాత ఉద్యోగమే వారి మనసులో నిలిచింది; అప్పుడు మార్చాల్సింది మొదటి రెండు వాక్యాలను, రెజ్యూమె పై వరుసను. “ఆ స్క్రిప్టులు ఏ సాఫ్ట్‌వేర్‌వి? డీవియేషన్లు ఎలా మూశారు?” అని వస్తే ఆ ప్రశ్న రిక్రూటర్‌ది కాదు, మేనేజరుది. ఆ రెండు వాక్యాలు చేరాల్సిన చోటికి చేరాయి. అప్పుడామె ఫెయిలైన స్క్రిప్టుల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఏం రావాలి, ఏం వచ్చింది, కారణం ఎలా తేలింది, మళ్లీ ఎప్పుడు నడిపారు అన్నవి కంపెనీ పేరు గానీ ఉత్పత్తి పేరు గానీ రాయకుండా ఐదారు వాక్యాల్లో చెప్పి, ఫోనుకు తనకు వీలయ్యే రెండు సమయాలు ఇచ్చి, అదే రోజు జవాబు పంపాలి.