డీమ్యాట్ కంటే ముందు

మియాపూర్‌లో ఉండే ఒక యువజంట ఈ మధ్య నన్ను కలిశారు. ఇద్దరికీ ముప్పై దాటలేదు, నాలుగేళ్ల పాప ఉంది. అతని జీతం చేతికి 68 వేలు వస్తుంది, ఖర్చులు పోను 22 వేలు మిగులుతుంది. "డీమ్యాట్ ఖాతా తెరిచాం సార్, ఏ షేర్లు కొనమంటారు?" అని అడిగారు. షేర్ల సంగతి పక్కనపెట్టి, ముందు ఇంటి ఖర్చు రాయమన్నాను.

అద్దె 15 వేలు, సరుకులు, పాలు, కూరగాయలకు 12 వేలు, కరెంటు, గ్యాసు, ఫోన్లకు 4 వేలు, పాప బడికి, వ్యానుకు 5 వేలు, బండి వాయిదా 4 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 6 వేలు. మొత్తం 46 వేలు. అత్యవసర నిధికి లెక్క జీతాన్ని బట్టి కాదు, ఈ ఖర్చును బట్టి వేయాలి. ఉద్యోగం పోయిన నెలలో కూడా ఆగని ఖర్చులివి.

బ్యాంకులో వాళ్లకున్నది 60 వేలు. అందులోంచి ముందు రెండు పాలసీలు తీసుకోమన్నాను. నిధి కూడటానికి ఏడాదికి పైగా పడుతుంది, బీమా రక్షణ మాత్రం త్వరగానే మొదలవుతుంది. మొదటిది ఆరోగ్య బీమా. అందులో ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందే ఉన్న జబ్బులకైతే 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. కొన్న రోజు నుంచే ఆ గడువు లెక్క మొదలవుతుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే కొనాలి.

"కంపెనీ ఇచ్చిన 3 లక్షల బీమా ఉంది కదా" అన్నాడు. ఉద్యోగంతోపాటు అదీ పోతుంది. పైగా అతని పాలసీలో గది అద్దెకు రోజుకు 3 వేల పరిమితి ఉంది. 6 వేల గదిలో చేరితే అద్దె తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లో కూడా సగమే ఇచ్చే అవకాశం ఉంది. సొంతంగా తీసుకునే పాలసీలో ఈ పరిమితి లేకుండా చూసుకోమన్నాను. అతనికి బీపీ మాత్ర ఉంది. దరఖాస్తులో ఆ సంగతి రాయొద్దని, రాస్తే ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు చెప్పాడట. రాయకపోతే రేపు ఆసుపత్రి పాత చీటీలో ఆ మాత్ర పేరు కనబడగానే క్లెయిమ్ ఆగుతుంది. ఇలాంటి సలహా ఇచ్చే ఏజెంటును మార్చేయడమే మేలు.

రెండోది కోటి రూపాయల టర్మ్ పాలసీ. మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది కానీ, 6 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి వచ్చేది 6 లక్షలే. వీళ్ల ఏడాది ఖర్చు ఐదున్నర లక్షలు, ధరలేమో పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి కోటి అంటే వీళ్లకు కనీసం.

రెండింటికీ కలిపి ఏడాదికి 35 వేల వరకు అయింది. అంటే వచ్చే ఏడాది ప్రీమియానికి నెలకు 3 వేలు పక్కన పెట్టాలి. దాంతో నెల ఖర్చు 49 వేలు, ఆరు నెలల ఖర్చుకు సరిపడే నిధి 2 లక్షల 94 వేలు. చేతిలో మిగిలిన 25 వేలతో మొదలుపెట్టి నెలకు 19 వేలు వేస్తే పదిహేను నెలలు పడుతుంది.

"చీటీ వేస్తున్నాం కదండీ" అంది ఆమె. చీటీ పొదుపే, కాదనను. కానీ మనకు డబ్బు కావాల్సిన నెలలోనే మరో ఇద్దరికీ అవసరం పడితే బాగా తగ్గించి పాడుకోవాలి. పాట అయ్యేదాకా ఆగాలి కూడా. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే అది అక్కరకు రాదు. అత్యవసర నిధి డబ్బు ఇద్దరి పేరిట, ఎవరైనా ఒక్కరే తీసుకోగలిగే ఖాతాలో, ఆటో స్వీప్ డిపాజిట్‌గా ఉండాలి. అతను ఐసీయూలో ఉంటే ఓటీపీ అతని లాక్ చేసిన ఫోన్‌కు వస్తుంది. అందుకే ఆమె పేరిట కార్డు, ఆమె ఫోన్లో యాప్ ముందే పెట్టించమన్నాను.

పదిహేను నెలలు షేర్లు కొనకుండా ఆగితే నష్టం కాదా? 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్, మార్చి 23న 26 వేల కిందకు వచ్చి ముగిసింది. ఉద్యోగాలు పోయింది, జీతాలు కోసింది కూడా ఆ రోజుల్లోనే. అదే ఏడాది నవంబరుకల్లా సూచీ మళ్లీ 42 వేలు దాటింది. ఇంటి అద్దె కోసం మార్చిలో అమ్ముకున్నవాళ్లకు మాత్రం ఆ నష్టం నష్టంగానే మిగిలింది. మార్కెట్ కోలుకునేదాకా షేర్లను అమ్మకుండా ఆగే స్తోమత ఇచ్చేది ఈ నిధే. అది నిండిన మర్నెల నుంచి ఆ 19 వేలూ నిశ్చింతగా షేర్లకు పంపుకోవచ్చు.

ఈ ఆదివారం మీ కంపెనీ పాలసీ కాగితం బయటికి తీసి, గది అద్దె పరిమితి ఎంతో చూడండి. ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి.