వస్తా, వస్తే

ఆ ఆదివారం మా అమ్మ తెల్లవారకముందే లేచి శనగపప్పు నానబోసింది. పదిగంటలకల్లా పూర్ణం రుబ్బి, ఓళిగలు కాల్చి, గుడ్డ కప్పి పెట్టింది. పాములపాడు రోడ్డు మీద నందికొట్కూరు వైపు నుంచి బస్సు చప్పుడు వినబడ్డ ప్రతిసారీ గడప దాకా వచ్చి చూసింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న నా కొడుకు వస్తున్నాడని ఆమె నమ్మకం. వాడు రాలేదు. మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ చేస్తే, వస్తానని నేనెప్పుడు చెప్పాను జేజీ అన్నాడు.

చెప్పాడు. ముందురోజు వాడు పంపిన మెసేజ్ ఇది:

```
sun vst cal chst
```

అమ్మ దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని "ఆదివారం వస్తా, కాల్ చేస్తా" అని చదివింది. వాడు రాసింది "ఆదివారం వస్తే కాల్ చేస్తా" అని. తప్పు చదివిన మనిషిది కాదు. `vst` అన్న మూడక్షరాల్లో వస్తా ఉంది, వస్తే ఉంది, వస్తూ కూడా ఉంది. వాడు చెరిపేసిన ఒక్క అచ్చులోనే వాడు వచ్చేదీ రానిదీ ఉంది.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క అచ్చు గురించే. మాటను కురచ చేసి రాయడం మనకు కొత్త విద్య కాదు. మన పాత ఉత్తరాల్లో దానికొక పద్ధతి ఉండేది. అది ఎలా పనిచేసేదో నాకు తెలిసింది మా అమ్మ ఫోన్ చదవడం నేర్చుకున్న ఆ నాలుగు నెలల్లో.

అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు తప్పులేకుండా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. మనవడి మెసేజ్‌లు ఇంకొకరి చేత చదివించుకోవడం ఆమెకు నచ్చలేదు. "నాకు రాసింది నేనే చదువుకోవల్ల" అని పట్టుబట్టింది. పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన తెలుగు అక్షరాలు రాసిచ్చాను. రెండోరోజుకే ఆ పట్టీ చాలలేదు. ఒక్క `t` పక్కన త, ట రెండూ రాయాలి. `d` పక్కన ద, డ. `l` పక్కన ల, ళ. ఇక `a` ఎక్కడ అ అవుతుందో, ఎక్కడ ఆ అవుతుందో చెప్పడానికి నా దగ్గర సూత్రమేదీ లేదు.

అమ్మ తన పాఠం తనే వెతుక్కుంది. ఊరి పేరు తెలుగులో, ఇంగ్లీషులో రాసిన రోడ్డు పక్క బోర్డే ఆమెకు పెద్దబాలశిక్ష అయింది. `PAMULAPADU` పేరులో `A` మూడుసార్లు వస్తుంది. మొదటిది దీర్ఘం, రెండోది హ్రస్వం, మూడోది మళ్లీ దీర్ఘం. ఊరి పేరు ముందే తెలుసు కాబట్టి ఆమెకు చదవడం కుదిరింది. "తెలిసిన మాటయితేనే ఈ అక్షరాలు పలుకుతాయి రా, తెలీని మాటయితే మూగవే" అంది. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత జరిగినదంతా దాని చుట్టే తిరిగింది.

`gm`, `gn`, `ofc`, `bzy` లాంటివి వారంలో వచ్చేశాయి. అవి రోజూ అదే వేళకు, అదే చోట వచ్చేవి. `tc` దగ్గర రెండురోజులు ఆగిపోయింది. ఆమెకు తెలిసిన టీసీ బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం. ఉద్యోగం చేసే పిల్లోడికి టీసీ ఎందుకని దిగులుపడింది. జాగ్రత్తగా ఉండు అని దాని అర్థమని చెప్తే, ఆ మాట వాడు నాకు చెప్పడమేంది, నేను వానికి చెప్పల్ల గానీ అంది. అన్నిటికన్నా ఆమెను బాధపెట్టింది ఒంటి `k`. తను ఇంత పొడుగు కబురు పంపితే వాడు ఒక్క అక్షరం విసిరేశాడని, కోపమొచ్చిందేమోనని ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

ఈ కురచదనం పిల్లల సోమరితనమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. దానికి ఒకప్పుడు గట్టి కారణమే ఉంది. సెల్‌ఫోన్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే అందులో 160 ఇముడుతాయి. తెలుగు లిపికి యూనికోడ్ కావాలి, దానితో రాస్తే 70 చోట్లే ఉంటాయి. పైగా తెలుగులో గుణింతం గుర్తుకొక చోటు, వత్తు కింద దాగిన పొల్లుకొక చోటు పోతాయి. "అన్నం తిన్నావా" అనే మాటలో మన కంటికి ఐదే అక్షరాలు. ఫోన్ లెక్కలో, మధ్యలో ఖాళీతో కలిపి, పద్నాలుగు చోట్లు. అంటే అన్నం తిన్నావా అని అడిగేసరికే 70లో ఐదో వంతు ఖర్చు. అదే మాట `annam tinnava` అని రాస్తే 160లో పదమూడు. మెసేజ్‌కింతని డబ్బు కట్టిన రోజుల్లో మా వయసువాళ్లమే ఇంగ్లీషు లిపిలోకి మారాం, మేమే అచ్చులు ఊడబీకాం. ఇప్పుడు ఆ ఇరుకు లేదు. అలవాటు మాత్రం పిల్లలకు మిగిలింది.

చిక్కేమిటంటే ఆ ఊడబీకడం ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చిన పద్ధతి. `msg` అన్నా `pls` అన్నా ఇంగ్లీషు మాట హల్లుల మీద నిలబడుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఎవరు చేశారు, చేశారా చేయలేదా, చేస్తారో చేస్తేనో అన్నదంతా క్రియ తోకలో, ఆ అచ్చుల్లో, దీర్ఘాల్లో ఉంటుంది. `tnd` అని రాస్తే తిన్నాడనీ చదవొచ్చు, తినడనీ చదవొచ్చు. కడుపు నిండినవాడికీ పస్తున్నవాడికీ తేడా పోయింది.

ఓళిగల ఆదివారం తర్వాత అమ్మ తన రేకు పెట్టె తీసింది. అందులో పెళ్లయిన కొత్తలో మా తాత రాసిన కార్డులున్నాయి. కార్డంటే అరచేయంత జాగా. అందులో పొలం, పశువులు, పురుళ్లు, అప్పులు అన్నీ పట్టాలి. అందుకే మొదటి వరుస నిండా పొట్టి అక్షరాలు, చుక్కలు. "చి.ల.సౌ." అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. మా నాయన పేరు ముందు "మ.రా.రా.శ్రీ", మహారాజరాజశ్రీ. అడుగున "తా.క.", తాజా కలం, సంతకం చేశాక గుర్తొచ్చిన మాట కోసం.

ఆ కార్డులు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి కనబడింది. మొదటిది, హల్లును మిగల్చలేదు, మొదటి అక్షరాన్ని గుణింతంతో సహా మిగిల్చారు. "సౌ" అనగానే సౌభాగ్యం నోట్లోకి వస్తుంది, అదే ఉత్త "స" అయితే వేయి మాటల్లో ఏదైనా కావచ్చు. రెండోది, ఇంతకన్నా ముఖ్యమైంది. వాళ్లు కురచ చేసింది రాసేవాడికీ చదివేవాడికీ ముందే తెలిసిన మాటల్నే. మర్యాదలు, దీవెనలు, క్షేమసమాచారాలు ప్రతి కార్డులోనూ అదే చోట అవే మాటలు. కబురు మొదలయ్యాక ఒక్క చుక్క లేదు. "ఎర్రావు ఈనింది. కోడెదూడ." అని నిండుగా రాశారు. క్రియను ఎక్కడా తుంచలేదు.

అయితే ఆ పద్ధతినంతా నేను నెత్తిన పెట్టుకోను. మా నాయన పోయిన ఏడాది చుట్టాలింటి నుంచి వచ్చిన శుభలేఖ మీద అమ్మ పేరు ముందు "గం.భా.స." అని ఉంది. గంగాభాగీరథీ సమానురాలు. భర్త పోయిన ఆడమనిషికి వాడే మాట. మూడు పొట్టి అక్షరాల్లో ఆమె బతుకు మారిపోయిందని మళ్లీ చెప్పారు. ఆమె ఆ కార్డును తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది. ఆ మాటను విడమర్చి రాయాల్సి వస్తే ఎంతమందికి చేయి ఆడేదో నాకు తెలియదు, చుక్కల చాటున మాత్రం అందరూ రాసేశారు. అది పోవాల్సిన మాటే.

అమ్మ తన జవాబులు మొదలుపెట్టింది ఆ కార్డుల పద్ధతిలోనే. ఫోన్‌లో తెలుగు కొట్టడం ఆమె వేళ్లకు కుదరలేదు. క్యాలెండర్ కాగితం చింపి పెన్సిల్‌తో రాసి, ఫోటో తీసి పంపమని నాకిచ్చేది. మొదటిది నా దగ్గర ఉంది:

"చి.కి జే. దీ. కా.లో నీ. వచ్చినాయి. నా. మొదలుపెట్టినారు. అ. తిన్నావా?"

చిరంజీవికి జేజి దీవెనలు. కాలువలో నీళ్లు వచ్చినాయి. నాట్లు మొదలుపెట్టినారు. అన్నం తిన్నావా. పేర్లన్నీ ఒక్క అక్షరానికి కుదించింది. వచ్చినాయి, మొదలుపెట్టినారు, తిన్నావా అనే మూడు క్రియల్లో ఒక్క దీర్ఘం కూడా వదల్లేదు. ఎందుకలా రాసినావని అడిగితే, "కాలువ యాడుండేదో వానికి తెల్దా? నీళ్లొచ్చినాయో లేదో కదా తెలీనిది" అంది. కాలువ పిల్లలకు ఇది కష్టం కాదు. మాకు కేసీ కాలువ ఉంది, మా మండలంలోని బనకచర్ల దగ్గర కాలువలు చీలిపోతాయి. ఆగస్టులో ఇక్కడివాడికి "నీ." అంటే నీళ్లే.

వాడి ఉద్యోగం పర్మనెంటయిన కబురు వచ్చిన రోజు కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో "శ్రీ" ఒక్కటి రాసి పంపింది. వాడి ఒంటి `k`కు ఆమె ఒంటి అక్షరం. కానీ ఇందులో పసుపు మాటలన్నీ చెప్పింది.

ఆమె కూడా ఒకసారి తప్పింది. దసరాకు వస్తూ ఆత్మకూరు నుంచి బస్సెన్నింటికని వాడు అడిగాడు. "బ. 4॥ కు ఉంది" అని రాసి పంపింది. పాత కరణాల లెక్కల్లో ఒక నిలువు గీత పావు, రెండు గీతలు అర, మూడు గీతలు ముప్పావు. నాలుగున్నర అని ఆమె రాసింది. వాడు 411 అని చదివి, అది బస్సు నంబరనుకుని, స్టాండులో ఆ నంబరు కోసం వెతుకుతూ కళ్లముందే బస్సు పోగొట్టుకున్నాడు. రాత్రి ఇంటికొచ్చి కాగితం చూపిస్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ గీతలు తనకు తెలిసినట్టే వాడికీ తెలుసనుకుంది. `vst` అని కొట్టేటప్పుడు వాడు అనుకున్నదీ అదే.

ఆ రాత్రి వాళ్లిద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. టైము, డబ్బు, వచ్చేదీ పోయేదీ ఎవరూ కురచ చేయకూడదు. తక్కినవి ఎవరిష్టం వాళ్లది. క్యాలెండర్ పట్టీలో అమ్మ కొత్త వరుస చేర్చింది, ఒక పక్క వాడి పొట్టి మాటలు, ఇంకో పక్క తనవి. వాడు దాన్ని ఫోటో తీసుకుని వెళ్లాడు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దమనిషి ఉంటే ఒక్క పని చేయండి. మిగతాదంతా మీ అలవాటు ప్రకారమే కొట్టండి, క్రియ చివరి అచ్చు మాత్రం వదలకండి. మా వాడు ఇప్పుడు `vsta` అని కొడుతున్నాడు. ఆ `a` చూశాకే మా అమ్మ పప్పు నానబోస్తుంది.