ఊపిరి ఏడ పీల్చుకోవాలె?

తల్లిగారి ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, "పోచమ్మ బోనాలకు ఒక పాట రాసియ్యి బిడ్డా. పాత పాటలు సగం మర్చిపోయినం, సగం డీజేల వాళ్లే ఏస్తున్నరు" అన్నది. హైదరాబాద్‌లో గోల్కొండ బోనాలతో ఆషాఢం సందడి అప్పటికే మొదలైంది గానీ, మా వైపు పల్లెల్లో బోనాలు శ్రావణంలో. నెల రోజుల గడువుంది. వారం వారం కాలమ్ రాసే మనిషికి పది వరుసల పాట ఎంత పని అనుకొని, ఒక పూటలో రాసి వాట్సాప్‌లో పంపేశాను. అటు నుంచి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పెద్దమ్మే, "ఒకసారి ఊరికి రారాదు" అన్నది. పాట బాగుంటే ఎవరూ ఊరికి పిలవరు.

అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. నేను రాగం తీసి పాడాను. అందరూ తలలూపారు. పెద్దమ్మ లోపలికి వెళ్లి స్టీలు బిందెలో సగం దాకా నీళ్లు పోసుకొచ్చి, చుట్టకుదురు వేసి నా నెత్తిన పెట్టి, "ఇప్పుడు పాడుకుంట బొడ్రాయి దాకా నడువు" అన్నది. ఇరవై అడుగులు వేసేసరికి నా జాకెట్టు తడిసింది.

తప్పు ఎక్కడుందో నడిస్తేనే తెలిసింది. నా పల్లవి "అమ్మ లోకాలేలు తల్లివి" అని మొదలవుతుంది. తెలుగులో పొట్టి అక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ఒత్తక్షరానికి ముందున్నదీ రెండు. ఆ లెక్కన 'అమ్మ' మూడు, 'లోకా' నాలుగు, 'లేలు' మూడు, 'తల్లివి' నాలుగు. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. ఇంట్లో కూర్చుని పాడే హారతి పాటకు ఈ ఊగు అందంగానే ఉంటుంది. నడకకు మాత్రం ఒక అడుగు తొందరగా, ఒక అడుగు ఆలస్యంగా పడుతుంది. పాట పాడుతూ మనిషి కుంటుతుంది. ఉత్త మనిషి కుంటితే ఫరవాలేదు, నెత్తి మీద వెలుగుతున్న దీపం కుంటకూడదు కదా! పైగా పక్కన డప్పు నాలుగు లెక్కన పోతుంటే నా ఏడు దానికి అడ్డం పడుతూనే ఉంటుంది.

రెండో తప్పు కొలతది కాదు. నేను చరణానికి నాలుగు వరుసలు పెట్టి, ఆ తర్వాత పల్లవి అందుకోమన్నాను. సినిమా పాట అలవాటు. ఒకరు నాలుగు వరుసలు పాడుతుంటే మిగతా ముప్పై మంది ఏం చేస్తారు? పక్కావిడతో కోడలి సంగతి మాట్లాడతారు. మళ్లీ పల్లవి వచ్చేసరికి సగం మంది గొంతు కలవదు. ఒక్కొక్క వరుసకూ జవాబు పడాలి. ముందుపాట చెప్పేది సాధారణంగా పెద్దావిడ, ఆమె నెత్తి మీద బోనం ఉండదు. వంతపాట పాడేవాళ్ల నెత్తిన ఉంటుంది. మెడ కదపకూడదు, ఒక చెయ్యి కుండ మీదే ఉండాలి, కళ్లు దారి మీద ఉండాలి. వాళ్లకు ఇవ్వగలిగింది ఒక్క చిన్న వరుస. అది వాళ్లు ఆలోచించకుండానే నోటికి రావాలి.

"నువ్వు మంచిగనే రాసినవ్ గని, ఊపిరి ఏడ పీల్చుకోవాలె?" అని ఒకామె అడిగింది. అక్కడి నుంచి పాటను తిరగేసి కట్టాను. ముందు వంతపాట, తర్వాతే మిగతాది.

పోచమ్మ అంటే అమ్మవారు పోసినప్పుడు మొక్కుకునే తల్లి. 1980లో మశూచి లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది గానీ, ఆటలమ్మ వచ్చిన పిల్లాడి పక్క మీద వేపాకు పరచడం మా ఊళ్లో ఇంకా ఆగలేదు. పసుపు, వేప, చల్లని నీళ్లు ఆమె వస్తువులు. ఆమెను అడిగేది కూడా చల్లదనమే. కాబట్టి వంతపాట ఇలా వచ్చింది:

చలువల తల్లీ పోచమ్మా

'చలువల' నాలుగు మాత్రలు, 'తల్లీ' నాలుగు, 'పోచమ్మా' ఆరు. మొత్తం పద్నాలుగు. నడక నాలుగు అడుగులు, అడుగుకు నాలుగు మాత్రల చొప్పున పదహారు కావాలి. ఆ మిగిలిన రెండే ఊపిరి. ఇష్టమున్నవాళ్లు 'మ్మా'ను సాగదీస్తారు, ఆయాసపడేవాళ్లు గాలి పీల్చుకుంటారు, ఎవరి అడుగూ తప్పదు. ఇంకో సంగతి, ఆరుబయట దూరం పోయేది నోరు తెరిచి పలికే 'ఆ' కారమే. నా మొదటి పల్లవి 'తల్లివి' అని పెదవుల దగ్గరే ఆగిపోయింది. వెనక వరుసలో వాళ్లకు పాట ఎప్పుడు ముగిసిందో వినపడదు.

ఇక ముందుపాట. ప్రతి వరుస తర్వాతా వంతపాట వస్తుందని అనుకొని చదవండి:

కొత్తా కుండకు పసుపే పూసి
యాపా మండలు చుట్టూ కట్టి
పాలూ బెల్లం బువ్వే వండి
సిన్నా దీపం నెత్తిన వెట్టి
బోనం ఎత్తుకు నీకే వస్తిమి

కాగితం మీద 'కొత్తా', 'యాపా', 'పాలూ' అచ్చుతప్పుల్లా కనపడతాయి. నోట్లో సాగేది అలాగే, నాలుగు మాత్రలు నిండాలి కాబట్టి. అసలు కిటుకు వరుస చివర ఉంది. పూసి, కట్టి, వండి, వెట్టి. ఏ వరుసా ముగియదు. పూసి... ఏం చేశారు? అక్కడ అర్థం వేలాడుతుంటే వంతపాట వచ్చి తల్లిని పిలుస్తుంది. మాట ముగియలేదు గనుక తర్వాతి వరుస ఏదైనా పట్టుకోవచ్చు. ముందుపాట చెప్పే ఆమె ఒక వరుస మర్చిపోతే ఇంకోటి చెబుతుంది, గుర్తొచ్చాక వెనక్కి వెళ్లి చెబుతుంది. కుండకు పసుపు ముందా, వేప ముందా అని ఎవరూ నిలదీయరు. ముగింపు క్రియ ఒక్క 'వస్తిమి'లోనే ఉంది. ఆ వరుస పదహారు మాత్రలూ నిండుగా ఉంటుంది, ఖాళీ లేదు. డప్పు కొట్టేవాళ్లకు అదే సైగ, ఇక్కడ ఒక కట్టు ముగిసిందని. తర్వాతి కట్టు కోరికలది:

పిల్లా జెల్లకు నీడై నిలిచి
గొడ్డూ గోదకు మేతే చూపి
మక్కా చేనుకు వానే తెచ్చి
మమ్ముల సల్లగ చూడవె తల్లీ

ఈ కట్టులో నేను మొదట రాసుకున్న వరుస ఒకటి పోయింది. తల్లి కళ్లను నిప్పులతో పోల్చి, నాలుక చాచి, కోపంతో వచ్చినట్టు రాశాను. నాకు బాగా నచ్చిన వరుస. పెద్దమ్మ వినగానే చెయ్యి అడ్డం పెట్టింది. "అట్ల పిలుస్తే అట్లనే అస్తది బిడ్డా." ఆమె మాట నమ్మకంగా తీసుకున్నా, అనుభవంగా తీసుకున్నా ఫలితం ఒకటే. జోరుగా డప్పు, ఉపవాసం, ఎండ, వాటి మీద ఉగ్రమైన మాటలు పడితే శివసత్తులకే కాదు, నెత్తిన బోనం ఉన్న పిల్లకు కూడా పూనకం రావచ్చు. పూనకానికి చోటు గుడి ముందర, ఆపడానికి మనుషులున్న చోట. సందు మధ్యలో కాదు. ఉగ్రాన్ని పోతరాజు కొరడాకు వదిలేసి, నడిచే పాటలో చల్లదనమే ఉంచాం.

తర్వాత లెక్క. మా బొడ్రాయి నుంచి పోచమ్మ గుడికి దాదాపు ఆరువందల అడుగులు. ముందుపాట నాలుగడుగులు, వంతపాట నాలుగడుగులు, కలిపి ఎనిమిది. అంటే ఎక్కడా ఆగకపోయినా డెబ్బై అయిదు వరుసలు కావాలి. నేను రాసినవి తొమ్మిది! తిరగేసి పాడొచ్చు గానీ ఎనిమిది సార్లు తిప్పితే పాడేవాళ్లకే విసుగు. అందుకే ఒక కట్టు ఖాళీగా వదిలాను, ఎవరికి వాళ్లు నింపుకునేలా:

తూర్పూ వాడా బోనం వచ్చె
కుమ్మరి వాడా బోనం వచ్చె
చెరువూ కట్టా బోనం వచ్చె

మొదటి రెండు మాటలూ కలిపి ఎనిమిది మాత్రలుంటే చాలు, ఏ వాడ పేరైనా పడుతుంది. బోనాలు వాడవాడ నుంచి వచ్చి కలిసే కొద్దీ పాట పెరుగుతుంది. 'వచ్చె' అని ఇక్కడ క్రియ ముగుస్తుందని గమనించే ఉంటారు. ఒక్కో వాడా రావడం ఒక్కో సంగతి కాబట్టి ముగిసినా ఫరవాలేదు.

పండుగ రోజు పాట మొత్తం దారి పాడలేదు. బొడ్రాయి దగ్గర ట్రాక్టరు మీద డీజే పెట్టారు, దాని ముందు మా ముప్పై గొంతులు ఏ మూలకు? పాట నడిచింది ట్రాక్టరు తిరగలేని ఇరుకు సందు నుంచి గుడి దాకా, రెండువందల అడుగులు ఉంటుందేమో. అంతలోనూ ఒక సంగతి నా కొలతకు మించిపోయింది. డప్పు జోరు పెరిగేసరికి 'చలువల'లోని పొట్టి అక్షరాలు నాలుగూ నాలుకకు అడ్డం పడి, చాలామంది 'సల్లని తల్లీ' అనేశారు. లెక్క చూస్తే అదీ నాలుగే, పలకడం ఇంకా తేలిక. నాకు ముందే తట్టాల్సింది. గుడి ముందు వేప మండలు ముంచిన పసుపు నీళ్లతో సాక పోస్తున్నప్పుడు డప్పు ఆగింది, అదే వంతపాట నడకలో సగం వేగంతో, అడుగు లేకుండా, తాళం లేకుండా పాడారు. అప్పుడు మాత్రం 'మ్మా' చాలా దూరం వెళ్లింది.

తిరిగి వస్తుంటే ఒకావిడ దారికి అడ్డంగా నిలబడింది. "అన్ని వాడలు చెప్పిన్రు, మా డబుల్ బెడ్రూం కాలనీ పేరు ఏది?" అని. నేను వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాను. 'డబుల్' మూడు, 'బెడ్రూం' నాలుగు, 'కాలనీ' అయిదు, ఏడ కుదురుతుంది? నా వేళ్లు ముడుచుకోక ముందే వెనక నుంచి ఎవరో అందుకున్నారు:

డబులూ కాల్నీ బోనం వచ్చె

నాలుగూ, నాలుగూ, నాలుగూ, మూడు. ఆ ఒక్క మాత్ర ఖాళీ దాటగానే సందంతా జవాబు చెప్పింది.